మీ నీళ్లు మా దగ్గర భద్రం

"బాత్‌రూంలో నీళ్లు కారకపోతే ఇంకెక్కడ కారతాయండీ?" అని రిసాలిలో మా ఇంటి ఓనరు గారు ఈ వారం సెలవిచ్చిన సంగతి వీధి మొత్తానికీ తెలిసిందే. అంతటి మాటకు జవాబు నోటితో చెబితే మర్యాదగా ఉండదని ఉత్తరం రాశాను.

ఓనరు గారికి నమస్కారాలు. అగ్రిమెంటు ప్రకారం పై అంతస్తు తమది. కనుక అక్కడి నీళ్లూ తమవే. అవి కప్పులోంచి మా ఇంటికి దిగుతున్నాయి. పరాయి సొమ్ము ఉంచుకోవడం మా ఇంటావంటా లేదు. బకెట్‌లో పట్టి, మూతపెట్టి, తమ పేరు రాసి ఉంచాను. వీలు చూసుకుని తీసుకెళ్లగలరు.

తమ సొత్తు ఏ దారిన వస్తోందో కూడా కనిపెట్టాను. పైవాళ్లు ఊరెళితే కారడం ఆగుతుంది. అంటే కుళాయి పైపు మంచిదే, అది పగిలితే రాత్రీ పగలూ కారేది. పైవాళ్లను బతిమాలి నహానీ ట్రాపుకు గుడ్డ కుక్కి, ఎర్రరంగు కలిపిన నీళ్లు రెండంగుళాలు నిలబెట్టాం. ఒక రోజంతా చుక్క పడలేదు. కాబట్టి టైల్సూ గట్టివే. గుడ్డ లాగిన కాసేపటికి మా బకెట్ ఎర్రబడింది. దొంగ ట్రాపు జాయింటులో ఉన్నాడు. ఆ ఎర్రనీళ్లూ తమవే, వేరే బకెట్‌లో ఉంచాను.

తమరు దయతో పంపిన పెయింటరు కింది నుంచి పుట్టీ పూసి వెళ్లాడు. అదీ రాలింది. చాటలో ఎత్తిపెట్టాను.

ఈ సొత్తును ఎవరికి అప్పగించాలని మన రాష్ట్రపు 2011 అద్దె చట్టం చూశాను. ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లమంది! దుర్గ్ స్టేషన్లో బకెట్లతో రైలెక్కాలేమోనని హడలిపోయాను. అదృష్టం, అలా పంపే అధికారం రాష్ట్ర శాసనసభకు లేదని 2019 డిసెంబరులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ నిబంధన కొట్టేసింది.

మర్యాద ఇక్కడితో సరి. పుట్టీ వెనక నీళ్లు స్లాబులోనే నిలిచి చువ్వలను తినేస్తున్నాయి. తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలదీస్తుంది. దేశానికి రైలు పట్టాలు చేసే ఊళ్లో ఈ ముక్క మీకు నేను చెప్పాలా? మొన్న అరచేయంత పెచ్చు ఊడి, మా పాప స్నానం చేసే పీట మీద పడింది. అప్పుడు పీట ఖాళీగా ఉంది. మీకు మాత్రం ఇంకా వెటకారమే!

పైన ట్రాపు చుట్టూ తవ్వించి, జాయింటు మార్పించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. తర్వాత ఒకరోజు నీళ్లు నిలబెట్టి, ట్రాపు తెరిచి మా ఎదుటే చూపించండి. రెండు మూడు రోజుల పని. సోమవారానికి ప్లంబరు రాకపోతే మంగళవారం ఈ ఉత్తరం, పెచ్చు ఫొటోలతో సహా, రెంట్ కంట్రోలరు టేబుల్ మీద ఉంటుంది.