ఆందోళన చెందకండి, మీ సెలవులు సరళమయ్యాయి

శుక్రవారం సాయంత్రం ఆరున్నర దాటాక హెచ్చార్ నుంచి మెయిలు వచ్చిందంటే, పైన రాకెట్ బొమ్మ, పక్కన రెండు నక్షత్రాలు ఉన్నాయంటే, మనది ఏదో పోయిందనే లెక్క. జీతం పెరిగితే మేనేజరు స్వయంగా సీటు దగ్గరికొచ్చి చెబుతాడు, అదీ పొద్దున్నే, నలుగురూ వినేలా. పోయిన సంగతి మాత్రం క్యాబ్ ఎక్కే వేళకు వదులుతారు. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చిన దగ్గర్నుంచి మాదాపూర్‌లోనూ మధురవాడలోనూ ఈ రాకెట్లు ఎగురుతూనే ఉన్నాయి. మీకూ ఒకటి వచ్చే ఉంటుంది.

మా మేనల్లుడికి వచ్చినదాన్ని నాకు పంపాడు. "మామయ్యా, ఇది నాకు లాభమా నష్టమా, కాస్త చూసి చెప్పు" అన్నాడు. పరాయి దేశాల బ్యాంకులకు ప్రోగ్రాములు రాసే కుర్రాడు. వాడికి అర్థం కాలేదంటే తప్పు వాడిది కాదు, అర్థం కాకూడదనే రాశారు. మొదటి పేజీ అంతా సంస్థకు ఉద్యోగుల మీద ఉన్న ప్రేమ. రెండో పేజీలో కుటుంబంతో గడపడం ఎంత ముఖ్యమో. మూడో పేజీలో కిటికీ పక్కన కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి ఫోటో. ఆవిడకు సెలవు దొరికినట్టే ఉంది. నాలుగో పేజీ అడుగున, "చట్టానికి అనుగుణంగా" ఎర్న్‌డ్ లీవు నిల్వ ఇకమీదట 30 రోజులకు మించదని, పైనున్నవి డిసెంబర్ 31న "సిస్టమ్‌లో సర్దుబాటు" అవుతాయని ఒక్క వాక్యం. ఇన్నాళ్లూ ఆ నిల్వ 60 దాకా ఉండేది.

దీనికో తోక కూడా తగిలించారు, 'తరచుగా అడిగే ప్రశ్నలు' అని. మెయిలు వచ్చి నిమిషం కాలేదు. ఎవరడిగారు? ఎప్పుడడిగారు? అందులోనూ తరచుగానట!

మొదటి ప్రశ్న: "ఈ మార్పు వల్ల నాకు కలిగే ప్రయోజనాలేమిటి?" నేనెరిగిన ఏ ఉద్యోగీ సెలవుల ఉత్తర్వు చేతికి రాగానే ఈ మాట అడగడు. "నావి ఎన్ని పోతాయి" అంటాడు. రెండో ప్రశ్న ఇంకా ముచ్చటైనది: "సెలవులు వాడుకునేలా సంస్థ నన్ను ఎలా ప్రోత్సహిస్తోంది?" ఈ ప్రశ్న అడిగే ఉద్యోగి ఎక్కడైనా కనిపిస్తే చూడాలని ఉంది. దండ వేసి ఊరేగిద్దాం.

ఏడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది. "నా సెలవుల సంఖ్య తగ్గుతుందా?" అమ్మయ్య, మనిషి అడిగే ప్రశ్న ఒకటి దొరికింది. జవాబు: "మీ సంక్షేమమే మా ప్రాధాన్యం. కొత్త విధానం మరింత సరళమైనది, పారదర్శకమైనది." అవునా, కాదా? కోర్టు బోనులో సాక్షి ఇలా జవాబిస్తే జడ్జిగారు కళ్లద్దాలు తీసి చూస్తారు.

చివరి ప్రశ్న: "ఇంకా సందేహాలుంటే ఎవరిని సంప్రదించాలి?" మీ మేనేజరునట. ఆ మేనేజరుకూ ఇదే మెయిలు ఇదే నిమిషానికి వచ్చింది. ఆయన నిల్వ లోంచీ ఇరవై ఎగిరాయి. పాపం, ఆయన మా వాణ్ణి అడుగుతున్నాడు, "నీకేమైనా అర్థమైందా?" అని.

ఈ ప్రశ్నల్ని ఎవరు తయారుచేస్తారో తెలుసుకోవాలని హెచ్చార్‌లో పనిచేసే ఒక స్నేహితుణ్ణి అడిగాను. ఆయన చెప్పింది విన్నాక ఆ శాఖ వాళ్ల మీద నాకున్న కోపం కాస్త దారి మళ్లింది. వాళ్ల ఆఫీసులో మొదటి ప్రతిలో ఒక పట్టిక ఉండేదట: పాత నిల్వ, కొత్త నిల్వ, పోయేవి, అమలు తేదీ. "పోయేవి" అన్న గడి చూస్తే జనం బెదురుతారని పైవాళ్లు దాన్ని తీసేశారు. ఆ గడి లేకపోతే పట్టిక ఎందుకని పట్టికే తీసేశారు. ఖాళీ అయిన చోట కాఫీ అమ్మాయిని పెట్టారు.

ఇక లెక్కలోకి వద్దాం. మా వాడి మూల వేతనం నెలకు 39,000. వాళ్ల సంస్థలో సెలవు నగదుకు నెలను 26 రోజులుగా భాగిస్తారు, అంటే రోజుకు 1,500. వాడి నిల్వ 52 రోజులు. 30 పోగా మిగిలిన 22 రోజులూ మురిగితే 33,000 రూపాయలు. అలాంటి వాళ్లు ఆరువందల మంది, సగటున మనిషికి పది రోజులు పోయాయనుకోండి, 90 లక్షలు. ఉద్యోగి దాచుకున్న సెలవు సంస్థ ఖాతా పుస్తకాల్లో అప్పు కింద ఉంటుంది. ఏటా మార్చి 31న యాక్చువరీ అనే లెక్కల నిపుణుడు కూర్చుని, రేపు వీళ్లందరికీ కట్టాల్సింది ఇంత అని తేలుస్తాడు, ఆ మేరకు పక్కన చూపించాలి. నిల్వ తగ్గితే అప్పు తగ్గుతుంది, లాభం పెరుగుతుంది. మీ మానసిక ప్రశాంతత కోసం చేశారన్న మార్పు అసలు ప్రశాంతత ఇచ్చేది ఫైనాన్స్ శాఖకు.

డబ్బు మిగుల్చుకోవడం నేరమేం కాదు. వ్యాపారం వాళ్లది. ఆ మాట చెప్పండి! "ఖర్చు తగ్గించుకోవాలి, అందుకని ఇది చేస్తున్నాం" అంటే మనుషులు తిట్టుకుంటారు, టీ తాగుతారు, పనిలో పడతారు. కానీ చట్టం పేరు చెప్పి, ఆ చట్టంలో సగమే చదివి వినిపించడం మోసం. దీనికి వేరే మెత్తటి మాట నాకు దొరకలేదు, వెతకనూ లేదు.

వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 32వ సెక్షన్ చూడండి. ఒక సంవత్సరం నుంచి మరో సంవత్సరానికి మోసుకెళ్లే సెలవులు 30 దాటకూడదన్నది నిజం. మెయిల్లో ఉన్నది అంతవరకే. అదే సెక్షన్‌లో, 30 దాటిన సెలవులకు కార్మికుడు డబ్బు తీసుకోవచ్చని ఉంది. ఏడాది చివర అడిగి సెలవును నగదు చేసుకునే హక్కూ ఉంది. ఇంకో మాట కూడా ఉంది: సెలవుకు దరఖాస్తు పెట్టుకుంటే నిరాకరించారనుకోండి, ఆ సెలవుల్ని ఏ పరిమితీ లేకుండా మోసుకెళ్లవచ్చు. నాలుగు పేజీల మెయిల్లో కాఫీకి చోటు దొరికింది, ఈ మూడు వాక్యాలకు దొరకలేదు. వాణిజ్య సంస్థలకు వర్తించే 1988 నాటి మన దుకాణాలు, సంస్థల చట్టం 60 రోజుల దాకా కూడబెట్టుకోనిస్తుందన్న ఊసైతే అసలే లేదు.

మా వాడి దగ్గర 52 రోజులు ఎందుకు పేరుకున్నాయనుకున్నారు? దసరాకు అడిగితే రిలీజ్ ఉందన్నారు. సంక్రాంతికి అడిగితే క్లయింటు వస్తున్నాడన్నారు. అదీ ఎలా? "పోర్టల్‌లో పెట్టకు, మళ్లీ రిజెక్ట్ చేయాల్సి వస్తుంది, బాగుండదు" అని భుజం తట్టి చెప్పారు. నిరాకరించిన సెలవుకు చట్టం రక్షణ ఇస్తోంది, నిరాకరించిన ఆనవాలే లేకుండా ముందే చూసుకున్నారు. సెలవు ఇవ్వరు, ఇవ్వలేదని రాయరు, చివరికి వాడుకోలేదని ఊడగొడతారు. పైగా ఆందోళన చెందవద్దంటారు!

ఇవన్నీ అడిగితే, కోడ్ చెప్పే 'కార్మికుడు' అంటే మీరు కాదు, మీరు అసోసియేట్ మేనేజర్ అంటారు. ఆ నిర్వచనంలో సాంకేతిక పని, గుమాస్తా పని చేసేవాళ్లూ ఉన్నారు. బయట ఉన్నది ప్రధానంగా యాజమాన్యపు పని చేసేవాళ్లు, నెలకు 18,000 దాటి తీసుకునే సూపర్‌వైజర్లు. కింద ఒక్క మనిషైనా లేని మేనేజరు ఏ కోవలోకి వస్తాడో తేలాలంటే చేసే పనిని చూస్తారు, మెడలో కార్డును కాదు.

పనివేళల సంగతీ ఇంతే. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పనికి అనుమతించగానే, పది అన్న అంకె రాకెట్ ఎక్కింది. వారానికి 48 గంటలు దాటకూడదన్నది, దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలన్నది చాలామంది చెవిన పడనే లేదు.

ఇక ముందుగా చెప్పడం గురించి. పనిగంటలు, విరామం, జీతంతో కూడిన సెలవులు మార్చదలిస్తే కార్మికులకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పారిశ్రామిక సంబంధాల కోడ్ 40వ సెక్షన్ ఇది. అంతకుముందు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 9ఏ సెక్షన్‌గానూ ఉండేది. ఉద్యోగుల్ని బెదరగొట్టకుండా మార్పు చెప్పడమెలా అని రిసార్టుల్లో శిక్షణ శిబిరాలు పెట్టుకుంటున్న పెద్దలకు ఆ ఉపాయం చట్టంలోనే దొరుకుతుంది, భోజనం ఖర్చు కూడా ఉండదు.

టౌన్‌హాల్ పెట్టి చాట్ మూసేయడం గురించి రాయను.

మెయిలు ఎలా ఉండాలో మాత్రం రాస్తాను, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు: "జనవరి 1 నుంచి ఎర్న్‌డ్ లీవు నిల్వ పరిమితి 60 నుంచి 30కి తగ్గుతుంది. కారణం, సెలవుల కింద కట్టాల్సిన బాకీ పెరిగిపోవడం. మీ నిల్వ 52. పైనున్న 22 రోజులకు 33,000 రూపాయలు జనవరి జీతంతో వస్తాయి. డబ్బు వద్దు, సెలవే కావాలంటే డిసెంబర్‌లోగా వాడుకోండి, మేనేజర్లు కాదనకూడదని చెప్పాం. ప్రసూతి సెలవుల్లో, పరాయి దేశాల్లో ఉన్నవాళ్లకు విడిగా ఫోన్ చేస్తున్నాం. లెక్క తప్పనిపిస్తే ఫలానా నంబరుకు చేయండి, మనిషే ఎత్తుతాడు." అంతే. రాకెట్ అక్కర్లేదు. మంగళవారం ఉదయం పదింటికి, నోటీసు గడువు మిగిలి ఉండగా పంపాలి. ఎవరి అంకె వాళ్లకు వేయడం పెద్ద పనా అంటారేమో. జీతం చీటీలో పన్ను కోత ప్రతి నెలా పైసాతో సహా ఎవరిది వాళ్లకు వేస్తున్నారుగా, ఆ కంప్యూటరే ఇదీ చేస్తుంది.

మీకు ఆ మెయిలు వచ్చి ఉంటే ఈ రాత్రే పోర్టల్ తెరిచి మీ సెలవుల నిల్వ పేజీని ఫోటో తీసి పెట్టుకోండి. మీ నిల్వ లోంచి ఎన్ని పోతున్నాయో, ఏ సెక్షన్ కింద పోతున్నాయో, డబ్బు వస్తుందో రాదో మెయిల్లోనే అడగండి, కారిడార్‌లో కాదు. ఇకమీదట సెలవు కావాలంటే పోర్టల్‌లోనే పెట్టండి, భుజం ఎంత ప్రేమగా తట్టినా సరే. జనవరి 1న ఆ పేజీలో 30 అని ఉంటుంది, నిన్నటి అంకె ఎంతో చూపించే చోటు ఉండదు.