జీరో డెట్ మహాత్మ్యం

షేర్ల గురించి ఎక్కడ మాట్లాడినా ఇప్పుడు ఒకటే మంత్రం: జీరో డెట్. కంపెనీకి అప్పు లేకపోతే చాలు, అది ఏం అమ్ముతుందో, ఎవరికి అమ్ముతుందో అడిగే పనే లేదు. టీవీలో టై కట్టుకున్న పెద్దమనిషి "బ్యాలెన్స్ షీట్ చాలా క్లీనండీ" అంటాడు. మనం కళ్లకద్దుకుని కొనేస్తాం. అప్పు ఉన్నవాడు పాపి, లేనివాడు పుణ్యాత్ముడు. చిత్రగుప్తుడి చిట్టా కూడా ఇంత తేలిగ్గా తేలదు.

ఈ పుణ్యాత్ముల్లో ఒకరిని పట్టుకుందాం. ఊరు మీ ఇష్టం. ఒక సినిమా హాలు లీజుకు తీసుకుని నడుపుతున్నాడనుకోండి. బ్యాంకు మెట్లు ఎక్కలేదు, ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. డిస్ట్రిబ్యూటరు వాటా పోను నెలకు అతని చేతికి 10 లక్షలు వస్తాయి. జనం పెరిగితే పెరిగి, తగ్గితే తగ్గే ఖర్చులు 2 లక్షలు. మిగిలిన 8 లక్షల్లోంచి హాలు యజమానికి లీజు 3 లక్షలు, జీతాలు, కనీస కరెంటు బిల్లు, మరమ్మతులు వగైరా ఇంకో 3 లక్షలు పోవాలి. ఈ 6 లక్షలకు హాల్లో ఎంతమంది కూర్చున్నారన్నది పట్టదు. లాభం 2 లక్షలు.

సినిమాలు బాగా ఆడి రాబడి 10 శాతం పెరిగిందనుకోండి. 11 లక్షలు వస్తాయి, మారే ఖర్చులు 2.2 లక్షలవుతాయి, ఆ 6 లక్షలు కదలవు. లాభం 2.8 లక్షలు. రాబడి పది శాతం పెరిగితే లాభం నలభై శాతం పెరిగింది! దీన్నే మన టై పెద్దమనిషి "ఆపరేటింగ్ లెవరేజ్ కిక్ ఇన్ అయిందండీ" అని, మేనేజ్‌మెంట్ ప్రతిభ కింద జమ కడతాడు.

అలా కాక రెండు ఫ్లాపులు పడి ఆ 10 లక్షల రాబడి అదే 10 శాతం తగ్గితే లాభం 1.2 లక్షలకు దిగుతుంది. ఇదీ నలభై శాతమే, ఇదీ ఆ లెవరేజ్ చలవే. కానీ ఆ రోజు టీవీలో ఆ మాట వినపడదు. "డిమాండ్ కాస్త మందగించింది", "ఈ క్వార్టర్‌కే పరిమితం", "వర్షాలు" అంటారు. ఎక్కేటప్పుడు లెవరేజ్, దిగేటప్పుడు వాతావరణం. రాబడి నాలుగో వంతు పడిపోతే లాభం సున్నా. ఒక్క రూపాయి అప్పు లేకుండానే.

ఆ నాలుగు రెట్లు కూడా రాతి మీద రాసింది కాదు. స్థిర ఖర్చులకు ముందు మిగిలే సొమ్మును లాభంతో భాగిస్తే వచ్చే అంకె అది: 8ని 2తో భాగిస్తే 4. రాబడి 8 లక్షలకు పడిన నెలలో మిగిలేది 6.4 లక్షలు, లాభం 40 వేలు. అక్కడ నిలబడి లెక్కేస్తే అదే అంకె 16 అవుతుంది. నష్టాల గుమ్మం దగ్గరికి వెళ్లేకొద్దీ చిన్న కుదుపు కూడా పెద్దదవుతుంది. అనలిస్టులు మాత్రం మంచి రోజుల్లో ఒక అంకె పట్టుకుని, ఐదేళ్ల అంచనా పట్టికలో చివరి గడి దాకా లాగేస్తారు.

ఇక పాపి సంగతి. ఎదురు వీధిలో అలాంటి హాలే ఇంకొకటి. అక్కడాయన లీజు గొడవ లేకుండా బ్యాంకు అప్పుతో హాలు కొనేశాడు. నెలకు వడ్డీ 3 లక్షలు. మిగతా అంకెలన్నీ పుణ్యాత్ముడివే. వడ్డీకి ముందు లాభం 5 లక్షలు, వడ్డీ పోను 2 లక్షలు. రాబడి 10 శాతం తగ్గితే వడ్డీకి ముందు లాభం 4.2 లక్షలవుతుంది, అంటే 16 శాతమే తగ్గింది. వడ్డీ కట్టాక చేతిలో 1.2 లక్షలు. నలభై శాతం తగ్గుదల. రూపాయి తేడా లేదు! ఒకాయన ఊగిసలాటంతా వ్యాపారం ఖర్చుల్లోంచి వచ్చింది, రెండో ఆయనది కొంత అక్కడి నుంచి, కొంత వడ్డీ నుంచి. మొదటిది ఆపరేటింగ్ లెవరేజ్, వడ్డీ జోడించేది ఫైనాన్షియల్ లెవరేజ్. జీరో డెట్ జల్లెడలో మొదటాయన నిలుస్తాడు, రెండో ఆయన రాలిపోతాడు.

నిజంగా భయపడాల్సింది రెండూ ఒకరి నెత్తిన పడినప్పుడు. లీజు హాలాయనే కొత్త ప్రొజెక్టరు, సీట్ల కోసం అప్పు చేసి నెలకు లక్ష వడ్డీ కడుతున్నాడనుకోండి. లాభం లక్ష. రాబడి పది శాతం తగ్గితే మిగిలేది 20 వేలు. నాలుగు రెట్లను వడ్డీ మళ్లీ రెండింతలు చేసింది, మొత్తం ఎనిమిది. బ్యాంకు కాగితాల్లో మాత్రం ఇది "చిన్న అప్పే".

అయితే అద్దె, వడ్డీ అచ్చంగా ఒకటేనా అంటే కాదు, తేడా కష్టకాలంలో బయటపడుతుంది. 2020 మార్చిలో హాళ్లు మూతపడ్డాక మల్టీప్లెక్సులు మాల్ యజమానులను అద్దె మాఫీ చేయమని అడిగాయి, అడగ్గలిగాయి. ఖాళీ మాల్లో ఇంకో అద్దెదారు దొరకడని యజమానికీ తెలుసు. రుణాల వాయిదాలపై రిజర్వు బ్యాంకు మారటోరియం ఇచ్చింది, కానీ ఆ నెలల్లో వడ్డీ ఆగలేదు. అక్టోబరులో సగం సీట్లతో తెరుచుకోవచ్చని కేంద్రం అన్నప్పుడు మన పుణ్యాత్ముడి లెక్క వేసి చూడండి. రాబడి 5 లక్షలు, మారే ఖర్చులు లక్ష, మిగిలింది 4, కట్టాల్సింది 6. తెరిచినందుకు నెలకు 2 లక్షల నష్టం, మూసి ఉంచితే 6 లక్షల నష్టం. రెండింట్లోనూ అప్పు సున్నాయే.

అకౌంటింగ్ వాళ్లు ఈ సంగతి ముందే కనిపెట్టారు. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 116 ప్రకారం దీర్ఘకాల లీజులు బ్యాలెన్స్ షీట్‌లో బాధ్యతగా కనిపించాలి. అద్దె తరుగుదల, వడ్డీ అనే రెండు పేర్లతో చీలిపోతుంది. నిన్నటి పుణ్యాత్ముడు తెల్లారేసరికి పాపి. దీనికీ మన పండితుల దగ్గర విరుగుడు ఉంది. అద్దె కిందికి జారిపోయింది కాబట్టి ఎబిటా పెరిగింది కదా, దాన్ని చూపించి చప్పట్లు కొడతారు. అప్పు సంగతి వస్తే "లీజు బాధ్యతలు మినహాయిస్తే" అంటారు. లాభానికి కొత్త లెక్క, అప్పుకు పాత లెక్క!

ఈ విషయం చదువుకున్న అనలిస్టుల కన్నా మన హాళ్ల వాళ్లకే బాగా తెలుసు. 2025 మేలో తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్నారు. వాళ్లడిగింది అద్దె వద్దు, పర్సంటేజీ ఇవ్వండి అని. పెద్ద సినిమాకు జనం విరగబడే మొదటి వారం డిస్ట్రిబ్యూటరు హాలుకు అద్దె విదిలిస్తాడు, కలెక్షన్లు చల్లబడ్డాక పర్సంటేజీకి మారతాడన్నది వాళ్ల ఫిర్యాదు. డిస్ట్రిబ్యూటరు వైపు నుంచి చూస్తే ఎంత ముచ్చటైన ఏర్పాటో! హౌస్‌ఫుల్ వారంలో ఖర్చు స్థిరం, పైకొచ్చిన ప్రతి రూపాయీ లాభం. ఖాళీ సీట్ల వారంలో ఖర్చు తనంతట తనే తగ్గుతుంది, స్థిర ఖర్చులన్నీ హాలాయన మెడకు. ఏ బ్యాలెన్స్ షీట్‌లోనూ అప్పుగా కనపడని ఈ లెవరేజ్‌ను ఏ స్క్రీనరూ జల్లెడ పట్టదు. ఆ హాలు కంపెనీగా మారి రేపు ఐపీవోకు వస్తే మాత్రం ప్రాస్పెక్టస్ మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో వేస్తారు: అప్పు, సున్నా.