10:45కి చేరతాను

అచ్చంపేట నుంచి గుంటూరుకు ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాణ్ణి బస్సులో ఇట్టే పోల్చుకోవచ్చు. ఇస్త్రీ నలుగుతుందని వీపు సీటుకు ఆనించడు. ఒళ్లో ప్లాస్టిక్ ఫైలు. అందులో పదో తరగతి మార్కుల జాబితా మొదలుకొని డిగ్రీ ప్రొవిజనల్ దాకా అన్నీ, ఒక్కోదానికి రెండేసి జిరాక్సులు. పాత కాగితాల్లో గుంటూరు జిల్లా అని ఉంటుంది, 2022 ఏప్రిల్ తర్వాత తీసుకున్నవాటిలో పల్నాడు జిల్లా అని ఉంటుంది. ఊరు మారలేదు, జిల్లానే మారిందని చెప్పడానికి జవాబు కంఠతా పట్టి ఉంచుకుంటాడు. "అచ్చంపేట అంటే శ్రీశైలం దారిలో ఉండేదేనా?" అని అడిగితే దానికీ జవాబుంది. అది తెలంగాణది సార్, మాది కృష్ణ ఒడ్డు, మా మండలంలోని మాదిపాడు రేవు దాటితే అవతల ముక్త్యాల అని మొదలెట్టి పులిచింతల ప్రాజెక్టు దాకా వెళ్తాడు. అడిగినాయన అంత దూరం రాడు.

వీడు బద్ధకస్తుడని మాత్రం అనుకోకండి. పదింటి ఇంటర్వ్యూకి కోడికూతతో లేచి, అమ్మ పెట్టిన పెరుగూ చక్కెరా తిని, ఏడు కాకముందే బస్సెక్కుతాడు. క్రోసూరు, సత్తెనపల్లి, పేరేచర్ల, నల్లపాడు మీదుగా అరవై డెబ్బై కిలోమీటర్ల దారి. లెక్కప్రకారం తొమ్మిదిన్నరకల్లా గుంటూరులో దిగి, టీ తాగి, దువ్వెన తీసి, ఇంకా పది నిమిషాలు మిగుల్చుకోవాలి. వీడి లెక్కలో తప్పేమీ లేదు. ఆ లెక్క మిర్చి యార్డును అడిగి వేసింది కాదు, అంతే.

నేను చూసింది ఫిబ్రవరిలో. పల్నాటి కల్లాల్లో ఎండిన మిరపకాయంతా టిక్కీలకెక్కి లారీల మీద, ట్రాక్టర్ల మీద గుంటూరు దారి పట్టే రోజులవి. మా బస్సు నల్లపాడు దాటి కాస్త ముందుకెళ్లి ఆగింది. ముందు లారీ, దాని ముందు లారీ, ఆ ముందు ట్రాక్టరు. ఆ పైన చూపు ఆనలేదు, ఘాటు మాత్రం ఆనింది. బస్సంతా ఒకేసారి తుమ్మింది. టైము 9:20.

మన కుర్రాడు ఫోన్ తీశాడు. మొదట స్నేహితుడికి చేశాడు. "వొచ్చేశాన్రా, చుట్టుగుంట దగ్గరున్నా" అన్నాడు. చుట్టుగుంట అప్పటికి ఎక్కడో ముందుంది. ఇది వీడి జాతి లక్షణం. క్రోసూరులో ఉంటే సత్తెనపల్లి అంటాడు, సత్తెనపల్లిలో ఉంటే పేరేచర్ల అంటాడు. ఒక స్టేజీ ముందు చెప్పడం అబద్ధమని వాళ్ల ఇంటావంటా ఎవరూ అనుకోరు. అవతలివాడు కూడా ఒక స్టేజీ తీసేసుకునే వింటాడు కాబట్టి స్నేహాల్లో దానివల్ల ఎవరికీ నష్టం ఉండదు.

ఇంటర్వ్యూ పెట్టిన ఆఫీసుకు ఆ తీసివేత తెలియదు. అక్కడికి పంపే మెసేజి కూడా వీడు అలాగే మొదలుపెట్టాడు: ఐదు నిమిషాల్లో ఉంటాను మేడమ్. నొక్కబోతుంటే పక్క సీటావిడ చెయ్యి అడ్డం పెట్టింది. సత్తెనపల్లిలో ఎక్కి గుంటూరులో ఏదో ఆఫీసుకు రోజూ వెళ్లొచ్చే మనిషి.

"ఐదు నిమిషాలని రాయమాక తమ్ముడూ. మా ఆఫీసులో ఇంటర్వ్యూలంటే లిస్టు పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చునేది నేనే. నువ్వు ఐదంటే నీకోసం లోపల ముగ్గురిని ఖాళీగా కూర్చోబెడతాను. నలభై నిమిషాలని నిజం చెప్పు, పదిన్నర వాణ్ణి ముందుకు జరిపి పంపిస్తాను. వాడెట్టాగూ తొమ్మిదింటికే వొచ్చి కూర్చుని ఉంటాడు. అప్పుడు నువ్వు రాకపోయినా ఎవురూ నిన్ను తలుచుకోరు."

నిజానికి ఆ మెసేజి మర్మమంతా ఇంతే. చదివే మనిషి చేతిలో ఒక జాబితా ఉంది, దాన్ని అటూ ఇటూ జరపడానికి ఆవిడకు ఒక టైము కావాలి. మన కుర్రాడు మాత్రం తన పరువును జాబితాలోకి ఎక్కించబోయాడు. ఐదు నిమిషాలు కొట్టేసి రెండో చిత్తు రాశాడు. అది మెసేజి కాదు, వాంగ్మూలం. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, బస్సు క్రోసూరులో పావుగంట ఆగడం, తను జీవితంలో ఎప్పుడూ ఆలస్యంగా వెళ్లకపోవడం, ఈ ఉద్యోగం తన కుటుంబానికి ఎంత అవసరమో, చివరికి మిర్చి లారీలవాళ్లు రోడ్డంతా ఆక్రమించిన తీరు. పైకి చదివి వినిపించాడు కూడా.

లారీల దగ్గరికి వచ్చేసరికి వెనక సీట్లోంచి ఒక పెద్దాయన లేచాడు. ఆయన కాయలు ఆ వరసలోనే ఎక్కడో ఉన్నాయట.

"ఏందబ్బాయ్, నీ ఆలస్యం మా కాయల మీద పెడతన్నావ్? రాత్రి నించీ మేం ఈడనే ఉన్నాం. మాకెవురు చెప్పాల క్షమాపణ?"

కుర్రాడు "నీ గురించి కాదు బాబాయ్" అని లారీలు కొట్టేశాడు. కండక్టరు వచ్చి, కావాలంటే బస్సు లేటని టికెట్ వెనక రాసి సంతకం పెట్టిస్తానన్నాడు. ముందు సీటాయన జామ్ ఫొటో తీసి పంపమన్నాడు. ఇంకొకాయన, మాటల్లో బాధ తెలుస్తుంది గనక గొంతుతో రికార్డు చేసి పంపమన్నాడు. ఆవిడ ముగ్గురినీ కూర్చోబెట్టింది. ఫొటో పంపితే, నమ్మరేమోనన్న అనుమానం నీకే ఉందని అవతలివాళ్లకు తెలుస్తుంది. గొంతు రికార్డు పంపితే, పదిమంది అభ్యర్థుల మధ్య కూర్చున్న మనిషి దాన్ని చెవికి పెట్టుకుని వినాలి. వినదు.

"మరి ఏం రాయమంటావక్కా?"

"ట్రాఫిక్ అని ఒక్క మాట. అదీ రాయకపోతే నిద్రలేవలేదనుకుంటారు. ఇంకోమాట కలిపావా, కథ చెబుతున్నావనుకుంటారు."

తర్వాత టైము లెక్క. ఇదొక్కటే కష్టమైన పని. కండక్టరు పావుగంట అన్నాడు, కండక్టర్లు ఎప్పుడూ అదే అంటారు. రాత్రంతా వరసలో ఉన్న పెద్దాయన మధ్యాహ్నం అన్నాడు. ఫోన్లో మ్యాపు తెరిస్తే ఎర్రటి గీత మీద బ్రాడీపేటకు 45 నిమిషాలని చూపించింది. ఆవిడ దాన్నీ నమ్మనివ్వలేదు. మ్యాపు నిన్ను వీధి మొదట్లో దించి ఊరుకుంటుంది. బస్సు దిగాలి, ఆటో మాట్లాడుకోవాలి, శంకర్‌విలాస్ పాత వంతెన మూసి కొత్తది కడుతున్నారు కాబట్టి ఆటోవాడు చుట్టూ తిరగాలి, మెట్లెక్కాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి, ముఖం తుడుచుకోవాలి. 9:25కు 45 కలిపితే 10:10. వీటన్నిటికీ పాతిక. ఆ పైన పది, దేనికని అడగకుండా. మొత్తం 10:45. కుర్రాడు గుండె పట్టుకున్నాడు. 10:20 అని రాస్తే వినడానికి బాగుంటుంది కదా అన్నాడు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ 10:20కి ఇంకో పావుగంట అని రెండో మెసేజి పెట్టాల్సొస్తే మొదటిదాన్ని కూడా నమ్మరు. ముందొస్తే తిట్టే ఆఫీసు నేనైతే చూడలేదు.

అంతా అయ్యాక ఇంకొక చిక్కు బయటపడింది. మెసేజి వెళ్లే వాట్సాప్‌లో వీడి పేరు పల్నాడు పులి. బొమ్మ ఎడ్ల పందెంలో గెలిచిన గిత్తది, దండతో. దండ వేసుకున్న గిత్త ఆలస్యంగా వస్తున్నందుకు చింతిస్తోందని చదివితే ఆ మేడమ్ ఏ పేరు మీద టిక్కు పెట్టుకోవాలి? అప్లికేషన్‌లో ఉన్న పేరు, పిలిచిన టైము, ఏ ఉద్యోగానికో, ఈ మూడూ మొదటి వాక్యంలోనే ఉండాలంది ఆవిడ. గిత్తను అక్కడికక్కడే తీసేసి పాస్‌పోర్టు ఫొటో పెట్టించింది. కుర్రాడు చివర కలిపిన మూడు దణ్ణాల బొమ్మలనూ తనే చెరిపేసింది.

9:28కి వెళ్లిన మెసేజి ఇది. మొదట్లో వీడి పూర్తి పేరు ఉంది, నేను రాయడం లేదు.

"నమస్కారం మేడమ్. ఈ రోజు 10 గంటలకు అకౌంట్స్ అసిస్టెంట్ ఇంటర్వ్యూకి రావలసిన అభ్యర్థిని. ట్రాఫిక్ వల్ల ఆలస్యమవుతోంది, 10:45కి చేరతాను. మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి. ఆ టైము కుదరకపోతే మీరు చెప్పినప్పుడు వస్తాను."

నాకు చివరి వాక్యం బాగా నచ్చింది. అందులో బతిమాలడం లేదు, నిర్ణయం అవతలివాళ్ల చేతిలో పెట్టడం ఉంది. కుర్రాడికి మాత్రం అదే నచ్చలేదు. "రావొద్దంటే?" అన్నాడు. రావొద్దనేవాళ్లు ఆ వాక్యం లేకపోయినా రావొద్దంటారు కదా అంది ఆవిడ.

పంపాక అసలు కష్టం మొదలైంది. ఒక టిక్కు. రెండు టిక్కులు. నీలం రంగు రాదు. నిమిషానికొకసారి తెరిచి చూస్తున్నాడు. వెనకనించి బాబాయ్ కూడా లేచి చూస్తున్నాడు. కాయల సంగతి అప్పటికి మర్చిపోయాడు. పది నిమిషాలు చూసి కాల్ లెటర్లో ఉన్న నంబరుకు ఒక్కసారి ఫోన్ చెయ్యి, ఎత్తకపోతే మళ్లీ చెయ్యమాక అని ఆవిడ చెప్పి ఉంచింది. ఎత్తారు. మన వాడు నోరు తెరిచాడు. క్రోసూరు దాకా వెళ్లబోతున్నాడని నాకు అనుమానం వచ్చింది. ఆవిడ కళ్లెర్రజేసింది. ఆ ఎరుపు మిరప ఘాటుదో, ఆవిడదో చెప్పలేను. వాడు మెసేజిలో ఉన్న మాటలే మళ్లీ చదివి ఊరుకున్నాడు. అవతలినించి "సరే, రండి, మీది పదకొండుకు మార్చాం" అన్నారు. బస్సులో చప్పట్లు.

కుర్రాడు 10:35కి గుమ్మంలో ఉన్నాడని తర్వాత తెలిసింది. తిరుగు బస్సులో వాడే చెప్పాడు. లోపల ఒక పెద్దమనిషి "ట్రాఫిక్ బాగా ఉందా?" అని మర్యాదకి అడిగాడట. పొద్దున నాలుగింటి నుంచి మొదలుపెట్టడానికి అంతకంటే మంచి సందు దొరకదు. అయినా "ఉందండి. పదకొండుకు మార్చినందుకు థాంక్సండి" అని ఊరుకున్నాడట. తర్వాత "అచ్చంపేటంటే శ్రీశైలం దారిలోదేనా?" అన్నారట. అక్కడ మాత్రం ఆపుకోలేకపోయాడు. మాదిపాడు రేవు దాటించి, పులిచింతల చూపించి గానీ వదల్లేదట.

ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. మీలో ఎవరికైనా ఆ కుర్రాడు తెలిసి ఉంటే దయచేసి ఫోన్ చేసి ఎంతవరకొచ్చిందని అడక్కండి. వొచ్చేసిందంటాడు, నమ్మి స్వీట్లు కొనకండి.