వైరు పెడితే చాలట!

బేలు బేలుకూ క్యూఆర్ కోడ్ అన్నారో లేదో, జిన్నింగ్ మిల్లులకు యంత్రాలమ్మేవాళ్లు కొత్త మంత్రం అందుకున్నారు. ప్రెస్ నుంచి ఆఫీసు దాకా ఒక్క వైరు లాగితే చాలట, బేలు తూకం దానంతటదే కంప్యూటర్లోకి నడిచొస్తుందట. వైరు లాగడం నిజంగానే తేలిక. ఆ వైరు మీద ఏ అడ్రసు ఎవరిదో తేల్చడానికే ఎవరికీ ముహూర్తం కుదరదు.

లోపలి నెట్‌వర్కుల కోసం 1996లోనే ఆర్‌ఎఫ్‌సీ 1918 మూడు అడ్రసు గుంపులు కేటాయించింది. అందులో 10తో మొదలయ్యేవే కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు. ఇంత ఆస్తి ఉన్నా లోకమంతా 192.168.1 అనే ఒక్క సందులోనే కాపురం పెడుతుంది. ప్రత్తిపాడులో ఒక మిల్లును ఊహించుకుంటే సంగతి అర్థమవుతుంది. ప్రెస్ పీఎల్‌సీ 192.168.1.10. వేరే ఊరి కంపెనీ పంపిన తేమ యంత్రం పీఎల్‌సీ కూడా 192.168.1.10. గేటు దగ్గర కాటా కంప్యూటర్‌కు ఎవరో ఎప్పుడో చేత్తో పెట్టింది కూడా 192.168.1.10. ఊళ్లో ఎవరింటి ముందు నిలబడి వెంకటేశ్వర్లూ అని పిలిచినా పలికినట్టు ఉంటుంది వ్యవహారం.

ఎవరి యంత్రం వాళ్ల పెట్టెలో ఉన్నన్నాళ్లూ గొడవ లేదు. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అంటే మొదటి మూడు అంకెలు వీధి, చివరిది ఇల్లు. మూడు వేరు వేరు వీధులకు ఒకే పేరున్నా ఇబ్బంది లేదు. వైరు పెట్టగానే మూడూ ఒకే వీధి అయిపోతాయి. ఆఫీసు కంప్యూటర్ “192.168.1.10 ఎవరు?” అని అడిగితే ఒకరికి మించి పలుకుతారు. ఎవరి మ్యాక్ అడ్రసు చివరగా పట్టికలో పడితే మాట వాళ్లకే చేరుతుంది. కాసేపు బేలు తూకం వస్తుంది, కాసేపు రాదు, టచ్ స్క్రీన్ మీద అంకెలు కదలకుండా నిలిచిపోతాయి. అప్పుడు వైరు మారుస్తారు, స్విచ్ మారుస్తారు, కరెంటును తిడతారు.

ఇది వైరు జబ్బు కాదు, నిర్లక్ష్యం. లక్షలు పోసి కొన్న యంత్రానికి అడ్రసుల జాబితా రాసిన కాగితం ముక్క ఇవ్వరు. పీఎల్‌సీ పాస్‌వర్డ్ అసలే ఇవ్వరు. సీజన్లో లారీలు గేటు బయట బారులు తీరి ఉంటే, “ఆ కంపెనీ ఇంజనీరు రావాలండీ” అనడం సేవ కాదు, దగా.

యంత్రాన్ని కలపకముందే ఆఫీసు కంప్యూటర్ నుంచి రెండు ముక్కలు టైపు చేస్తే గుట్టు బయటపడుతుంది.

```
ping 192.168.1.10
arp -a
```

పింగ్‌కు జవాబు రాకపోయినా పట్టికలో ఆ అడ్రసు ఎదుట మ్యాక్ అడ్రసు కనిపిస్తే అక్కడ ఎవరో ఉన్నట్టే. ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపగలదు గానీ, “ఎవరు?” అనే ఏఆర్‌పీ పిలుపును మామూలుగా ఆపదు. అయితే ఆ వేళ ఆపేసి ఉన్న యంత్రం దొరకదు. అందుకే పరీక్ష కన్నా జాబితా గట్టిది.

ఇక మందు. ప్రెస్ పీఎల్‌సీ అడ్రసు మారిస్తే, పాత అడ్రసునే గుర్తుపెట్టుకున్న టచ్ స్క్రీన్‌లోనూ మార్చాలి. పాస్‌వర్డ్ లేనిదే ఆ పని సాగదు. కాబట్టి ఆఫీసునే మార్చడం తేలిక. రూటర్‌ను 10.20.1.1 చేసి, డీహెచ్‌సీపీ 100 నుంచి 199 వరకే పంచేలా పెడితే మామూలు కంప్యూటర్లు వాటంతటవే కొత్త అడ్రసు తీసుకుంటాయి. ప్రింటరుకు, కాటాకు మాత్రం ఆ వరస బయట అడ్రసులు చేత్తో ఇవ్వాలి. ప్రెస్‌కు ఒకటి, తేమ యంత్రానికి ఒకటి చిన్న నాట్ రూటర్లు పెడితే, ఆఫీసుకు ప్రెస్ 10.20.1.51గా, తేమ యంత్రం 10.20.1.52గా కనిపిస్తాయి. లోపల రెండూ 192.168.1.10గానే ఉన్నా ఇక తగువు లేదు.

అంతా అయ్యాక కూడా తూకం రాకపోతే పీఎల్‌సీలో గేట్‌వే గడి చూడాలి. అక్కడ 0.0.0.0 ఉంటే ప్రశ్న లోపలికి వస్తుంది, జవాబుకు మాత్రం వీధి దాటే దారి తెలియదు. ప్రెస్ పక్కన లాప్‌టాప్ పెడితే పలుకుతుంది, ఆఫీసుకు పలకదు. అదే గుర్తు. గేట్‌వేగా నాట్ రూటర్ లోపలి అడ్రసు, ఉదాహరణకు 192.168.1.254, ఇవ్వాలి. పీఎల్‌సీకి తాళం ఉంటే, ఆఫీసు ప్రశ్నలు ఆ లోపలి అడ్రసు నుంచే వచ్చినట్టు కనిపించేలా రూటర్లోనే అమర్చాలి.

మాస్క్‌ను 255.255.0.0కి పెంచితే సరి అనే మహావైద్యులూ ఉన్నారు. వీధి పొడుగవుతుంది, వెంకటేశ్వర్లు మాత్రం ముగ్గురూ అలాగే ఉంటారు.

యంత్రం పేరు, అడ్రసు, మాస్క్, గేట్‌వే, మ్యాక్ అడ్రసు రాసిన కాగితం ప్యానెల్ తలుపు లోపల అతికించే దాకా ఆఖరి బిల్లు ఆపడం మిల్లు చేతిలో పనే.