కాంటా అన్న మోచేయి

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఏ ధర్మకాంటా దగ్గరికి వెళ్లినా ముందు కనిపించేవి కిటికీలో రెండు మోచేతులు. వాటి వెనక ఒక మనిషి ఉంటాడు గానీ ఆయన్ని తర్వాత చూడొచ్చు. పొద్దున తొమ్మిదింటికి గ్రానైట్ గట్టు మీద ఆనిన ఆ మోచేతులు టీ వచ్చినప్పుడు ఒకసారి, అన్నం డబ్బా తెరిచినప్పుడు ఒకసారి లేస్తాయి. మిగతా కాలమంతా అక్కడే. ఎడమ అరచేతిలో గడ్డమైనా ఉంటుంది, చెవికి ఆనించిన ఫోనైనా ఉంటుంది. కుడిచేత్తో చీటీలు. నోటితో లోకం.

డ్రైవర్లు ఈయన్ని కాంటా అన్న అంటారు. ఖాళీ లారీ ఎక్కితే ఎంత, ఇనుప తుక్కుతో ఎక్కితే ఎంత, తేడా ఎంత అన్నది చీటీ మీద కొట్టివ్వడం ఆయన ఉద్యోగం. షాపూర్‌నగర్‌లో ప్లాట్ల ధర, సూరారం రోడ్డు మీద ట్రాఫిక్, ఎవరి కంపెనీలో జీతాలు ఆగాయి, ఎవరి కొడుకు ఎవరితో వెళ్లిపోయాడు, ఇవన్నీ చెప్పడం ఆయన ప్రవృత్తి. చీటీకి డబ్బు తీసుకుంటాడు. ఇది మాత్రం ఉచితం. పైగా వద్దన్నా ఇస్తాడు.

నేను చింతల్‌లో ఒక చిన్న గదిలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. ఒక సాయంత్రం కాంటా అన్న ఎడమచేతిని పసిపాపలా ఎత్తుకుని వచ్చాడు.

"గుండెదే సార్. ఎడమ చెయ్యి గద."

నాలుగు నెలలుగా చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిర్లెక్కుతున్నాయట. రాత్రి మూడింటికి చీమలు పాకినట్టయి మెలకువ వస్తుందట. ఈసీజీ తీయించాడు, బాగానే ఉంది. ఎకో తీయించాడు, అదీ బాగానే ఉంది. రిపోర్టులు బాగుండటం ఆయనకు నచ్చలేదు. తర్వాత పగడపుటుంగరం బిగుతై రక్తం ఆగుతోందని ఎవరో అంటే కంసాలి దగ్గర దాన్ని కోయించాడు. ఆ పైన బీ కాంప్లెక్స్ సూదులు పది. తిమ్మిరి మాత్రం కదల్లేదు.

గుండె భయాన్ని నేను తీసిపారేయను. ఛాతీలో బరువు, చెమట, ఆయాసం ఉంటే చెయ్యి పట్టుకుని నా దగ్గరికి కాదు, నేరుగా ఎమర్జెన్సీకి పోవాలి. అవేవీ లేకుండా నాలుగు నెలలుగా రెండే వేళ్లు పట్టుకుని వేలాడే తిమ్మిరి దారి వేరు.

"కళ్లు మూసుకో అన్నా" అని దూదితో ఉంగరం వేలు రెండు పక్కలా రాశాను. చిటికెన వేలి వైపు మొద్దుగా ఉంది. మధ్యవేలి వైపు శుభ్రంగా తెలుస్తోంది. ఒకే వేలు, రెండు వాటాలు. చాలామంది చేతిలో ఆ వేలి నడిమి గీత దాకా అల్నార్ నరం జాగీరు, అవతలిది మీడియన్ నరానిది. అన్నదమ్ములు గోడ కట్టుకున్నట్టు ఇంత కచ్చితంగా వేలు చీలితే నరం పేరు దొరికినట్టే.

పేరు దొరికింది, ఊరు దొరకాలి. ఈ నరం మెడలోంచి బయల్దేరి, మోచేతి లోపలివైపు ఎముక బొడిపె వెనక ఉన్న గాడిలో మలుపు తిరిగి, మణికట్టు దాటి వేళ్లకు చేరుతుంది. నొక్కుడు మణికట్టులో పడితే అరచేతి వైపే మొద్దు, చేతి వెనక చర్మం బాగుంటుంది. ఎందుకంటే వెనకవైపు పోయే కొమ్మ మణికట్టుకు ముందే విడిపోతుంది. కాంటా అన్నకు చేతి వెనక, చిటికెన వేలి వైపు కూడా మొద్దే. ముంజేతి లోపలి చర్మం మాత్రం బాగుంది. అది కూడా మొద్దుబారి ఉంటే మెడను అనుమానించేవాణ్ణి. గాడి మీద వేలితో మెల్లగా తట్టగానే "అబ్బా, కరెంటు!" అని కుర్చీలోంచి లేచాడు. చిన్నప్పుడు బల్లకు మోచెయ్యి తగిలితే చుర్రుమనేది ఎముక కాదు, ఈ నరమే. ఆ ఒక్కచోట దానికి కండ లేదు, కొవ్వు లేదు. పైన చర్మం, కింద ఎముక, అంతే.

ఆ గాడి మీదే ఈయన రోజుకు తొమ్మిది గంటలు వాలుతున్నాడు. మనిషి తలే నాలుగైదు కిలోలు. దాంతోపాటు సగం ఛాతీ బరువు రూపాయి బిళ్లంత చోట, అదీ గ్రానైట్ మీద. టన్నుల బరువులు తూచేవాడికి ఈ తూకం తట్టలేదు. పైగా ఫోన్ పట్టుకుని చెయ్యి పూర్తిగా ముడిస్తే నరం సాగుతుంది, అది దూరే సొరంగం కూడా ఇరుకవుతుంది. రాత్రి చెయ్యి ముడిచి చెంప కింద పెట్టుకుంటే అదే కథ తెల్లవార్లూ నడుస్తుంది. మూడింటి చీమలు అందుకే.

ఇంకొకటి చూడాలి. గాడిలో నరం తాడులా లావెక్కిందా, ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చలున్నాయా అని వెతికాను. కుష్ఠు కూడా ఈ నరాన్నే, ఈ చోటే పట్టుకుంటుంది. కూకట్‌పల్లిలో రాణి కుముదినీదేవి 1958లో స్థాపించిన శివానంద పునరావాస కేంద్రం ఇక్కడికి ఎంతో దూరం కాదు. అక్కడికి వచ్చినవాళ్లలో ముడుచుకుపోయిన వేళ్లున్న కొందరి కథ కూడా ఈ నరంతోనే మొదలై ఉంటుంది. మన దగ్గర మోచేతి తిమ్మిరి అనగానే ఈ చూపు చూడకుండా వదలకూడదు. కాంటా అన్నకు అవేవీ లేవు.

ఇక బలం. ఆయన జేబులోంచే కాంటా చీటీ తీసి, రెండు చేతుల బొటనవేళ్లకూ చూపుడు వేళ్లకూ మధ్య పెట్టి, "వదలొద్దు" అని లాగాను. కుడి బొటనవేలు నిటారుగా ఉండి బిగించింది. ఎడమ బొటనవేలి కణుపు మాత్రం కొంగలా వంగింది. లోపలికి అదిమే కండకు ఈ నరమే ఆధారం. అది నీరసిస్తే వేలు వేరే కండను అప్పు తెచ్చుకుని వంగుతుంది. ఫ్రోమెంట్ అనే ఫ్రెంచి వైద్యుడి పేరున్న పరీక్ష ఇది.

"చీటీ వదిలినవ్ అన్నా."

"పైసలియ్యకుండ గుంజితే ఎట్ల ఇస్త?" అన్నాడు గానీ మొహం పాలిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, జేబులో చెయ్యి పెడితే చిటికెన వేలు బయటే తట్టుకుంటోందట.

బలం తగ్గిందంటే నా పరిధి దాటినట్టే. నరాల డాక్టరు దగ్గరికి పంపాను. మోచేతికి పైనా కిందా సెకనుకు 50 మీటర్లకు పైగా పరుగెత్తుతున్న సంకేతం ఆ మలుపులో 38కి పడిపోయింది. "స్పీడ్ బ్రేకర్ పడ్డది" అని కాంటా అన్న తనే తర్జుమా చేసుకున్నాడు. చేతి కండలు ఇంకా కరగలేదు కాబట్టి మూడు నెలలు చూద్దామని, బలం ఇంకా తగ్గితే మాత్రం ఆపరేషన్ చేసి సొరంగం కప్పు కోయాల్సి వస్తుందని డాక్టరు చెప్పారు. ఆలస్యం ఎందుకు చేయకూడదో నేను లెక్కగా చెప్పాను. నొక్కుడు వల్ల పైతొడుగే చెడితే వారాల్లో బాగవుతుంది. లోపలి తీగే తెగితే నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి. మోచేతి నుంచి అరచేతి కండల దాకా ముప్పై సెంటీమీటర్లు, అంటే పది నెలలు. అంతలో కండ ఎండిపోవచ్చు.

మందు ఏమిటంటే ఒక పాత తువ్వాలు. పడుకునే ముందు మోచేతికి వదులుగా చుట్టుకోవాలి, చెయ్యి ముడుచుకోకుండా. పగలు ఫోన్‌కు ఇయర్‌ఫోన్. గట్టు మీద మోచెయ్యి పెట్టకూడదు.

"మోచేతికి బెల్లం రాసి నాకమన్నట్టుంది సార్, మోచెయ్యి పెట్టకుండ కాంటా ఎట్ల నడుస్తది?" అన్నాడు. నిజంగానే వారం రోజులు నడవలేదు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక మాట తడబడింది, ప్లాట్ల ధర ఒక డ్రైవరుకు తక్కువ చెప్పేశాడు. చివరికి కుర్చీని వెనక్కి జరిపి, ముంజేతుల కింద దిండు వేసుకుని, బొడిపె ఎక్కడా ఆనకుండా సర్దుకున్నాడు.

పదో వారం అటు వెళ్లాను. రాత్రి చీమలు పోయాయి, పగలు అప్పుడప్పుడు వస్తున్నాయి. చీటీ పరీక్షలో కణుపు ఇంకా కొంచెం వంగుతోంది. కొత్త ప్రవృత్తి మాత్రం పూర్తిగా కుదురుకుంది. లారీ తలుపు మీద కుడి మోచెయ్యి ఆనించి వచ్చిన ప్రతి డ్రైవరునూ ఆపి, "ఉంగరం వేలు ఏ పక్క తిమ్మిరి?" అని అడుగుతున్నాడు. నేను చూస్తుండగానే ఒకతనికి చీటీ అందించి, కొస పట్టుకుని, "వదలకు, బొటనవేలు వంచకు" అన్నాడు. ఆ కుర్రాడు రోజంతా తాళ్లు బిగించే మనిషి. బిగించాడు. కాంటా అన్న గుంజాడు. చీటీ సరిగ్గా బరువు అంకె దగ్గర రెండు ముక్కలైంది.

"నీకేం లేదు పో" అన్నాడు కాంటా అన్న.

"పోత గానీ, ఇంకో చీటీ కొట్టియ్యి" అన్నాడు కుర్రాడు. వెనక ఆరు లారీలు హారన్ కొడుతున్నాయి.