పోస్ట్‌మ్యాన్ గారి వేలంపాట

ఆన్‌లైన్ వేదికలకు రెండు నాలుకలు. ప్రకటనలిచ్చేవాళ్ల ముందు, ఎవరికి ఏ క్షణాన ఏం చూపాలో వాళ్ల ఇంట్లోవాళ్లకంటే తమకే బాగా తెలుసంటాయి. కోర్టు మెట్లెక్కగానే, ‘అయ్యా, మేం ఒట్టి పోస్ట్‌మ్యాన్లం, కవర్లో ఏముందో మాకేం తెలుసు’ అని చేతులు కట్టుకుంటాయి. ఈ వినయానికి అండ ఐటీ చట్టం 79వ సెక్షన్. వాడుకరులు పెట్టినదానికి వేదికను బాధ్యురాలిని చేయొద్దంటుందది. ఊరికే కాదు. వేదిక పని కేవలం దారి ఇవ్వడమే అయి ఉండాలి. లేదా సమాచారాన్ని తాను పంపించకూడదు, అందుకునేవారిని ఎంచకూడదు, విషయాన్ని ఏరకూడదు, మార్చకూడదు. తగిన జాగ్రత్తలూ తీసుకోవాలి. కోర్టో ప్రభుత్వమో చెబితే త్వరగా తొలగించాలి. తగువులన్నీ ఈ తొలగింపు మీదే. ‘అందుకునేవారిని ఎంచకూడదు’ అన్న మాట దగ్గర మాత్రం అందరికీ మతిమరుపు. ఫీడ్ బతికేదే ఆ ఎంపిక మీద మరి!

ఢిల్లీ హైకోర్టుకు 2023 ఆగస్టులో ఆ మతిమరుపు కాస్త వదిలింది. ‘అగర్వాల్ ప్యాకర్స్ అండ్ మూవర్స్’ అని గూగుల్‌లో వెతికితే పోటీదార్ల ప్రకటనలు వస్తున్నాయని డీఆర్‌ఎస్ లాజిస్టిక్స్ దావా వేసింది. ఆ పేరును కీవర్డ్‌గా వేలానికి పెట్టేది గూగులే, క్లిక్కుకు సొమ్ము అందుకునేదీ గూగులే. అయినా మధ్యవర్తినే అంది. పోటీదారు పేరును కీవర్డ్‌గా వాడినంత మాత్రాన తప్పు కాదని ధర్మాసనం ఒప్పుకుంది. కానీ ప్రకటనల వ్యాపారంలో గూగుల్ చురుకైన భాగస్వామి కాబట్టి, ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన జరిగిందని తేలితే 79 గొడుగు పట్టదని చెప్పింది.

చట్టంలో చురుకైన వేదిక, మౌన వేదిక అన్న తేడానే లేదని అదే హైకోర్టు 2020లో ఆమ్‌వే కేసులో అన్న మాట నిజమే. పేరు లేకపోతే పోయె, ‘ఎంచకూడదు’ అన్న షరతు చట్టంలోనే ఉందిగా! ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: రక్షణ తీసేస్తే భయంతో వేదికలు అడ్డమైనదీ తుడిచేస్తాయి. అదీ నిజమే. 2004లో ఎవరో అమ్మకానికి పెట్టిన అశ్లీల క్లిప్పుకు బాజీ డాట్ కామ్ అధిపతిని అరెస్టు చేశారు. ఎవరు ఫిర్యాదు చేసినా తీసేయనక్కర్లేదని, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో ఉండాలని శ్రేయా సింఘాల్ కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పిందీ, లక్షల ఫిర్యాదుల్లో ఏది న్యాయమైనదో తేల్చడం వేదికలకు కష్టమనే. అందుకే, ఎవరో రాసి పెట్టుకున్న మాటకు గొడుగు ఉండాల్సిందే. డబ్బు తీసుకుని, మనిషిని వెతికి, కళ్లముందు పెట్టిన ప్రకటనకు ఎందుకుండాలి? రాసినవాడి స్వేచ్ఛ చూపి అమ్మినవాడి లాభాన్ని కాపాడుతున్నాం.

ఈ గీత ఎక్కడ గీయాలో చెప్పాల్సింది పార్లమెంటు. ప్రభుత్వాలకు మాత్రం గీత కంటే తొలగింపు నోటీసులే ముద్దు. గీత గీస్తే వేదికలకు కష్టం, నోటీసు పంపితే రాసినవాడికి.