ఏ.ఆర్.

బిల్లు చేతిలో పెట్టుకుని కేస్ షీట్ తిరగేస్తే, చేయని వైద్యానికి వేసిన డబ్బు బయటపడుతుంది. చేసిన వైద్యానికి వేయని డబ్బు మాత్రం ఎంత వెతికినా దొరకదు. అది బిల్లులో లేదు కదా, కంటికెలా ఆనుతుంది? అందుకే ఒక ఆస్పత్రికి మూడు నెలలకోసారి ఆడిట్‌కి వెళ్లినప్పుడు నేను బిల్లుల జోలికి ముందుగా పోను. నర్సులు రాసే చార్టులు, ఎక్స్‌రే గది రిజిస్టరు, ఆపరేషన్ థియేటర్ రిజిస్టరు ముందేసుకుంటాను. వాటిలో ఉన్న ఒక్కొక్కటీ బిల్లుకి చేరిందా లేదా అని చూసుకుంటూ వస్తాను.

ఈసారి ఆక్సిజన్ చార్టులతో మొదలుపెట్టాను. మూడో ఫైలులోనే తేడా వచ్చింది. ఆయాసంతో చేరిన ఒక పెద్దావిడ, ఊరు పక్క మండలంలోని పల్లె. రెండు రోజులు ఐసీయూలో ఉంది, తర్వాత వార్డుకి మార్చారు. చార్టు ప్రకారం ఆక్సిజన్ పెట్టింది మొత్తం 67 గంటలు. బిల్లులో పడింది 38 గంటలే. గంటకు 120 రూపాయల చొప్పున 29 గంటలకి 3,480 రూపాయలు ఎక్కడా లేవు.

ఇది దొంగతనం కాదని చార్టు చూస్తేనే తెలిసింది. ఆవిణ్ని వార్డుకి దించింది రాత్రి పదకొండున్నరకి. ఐసీయూ సిస్టర్ తన చార్జి షీటు అక్కడికి ముగించింది. వార్డు సిస్టరేమో ఆక్సిజన్ ఐసీయూ వాళ్లే రాస్తున్నారనుకుంది. సిలిండరు మాత్రం ఆగలేదు. మిగతా ఫైళ్లు తీస్తే ఎక్కువ తేడాలు ఇలాంటి వేళల్లోనే ఉన్నాయి, మంచం మారినప్పుడో డ్యూటీ మారినప్పుడో. రోగి ఇంటికెళ్లాక ఆ డబ్బు అడగడం ధర్మం కాదు, అడిగినా రాదు. ఇక మీదట వార్డులోకి మార్చేటప్పుడు నడుస్తున్న ఆక్సిజన్ని చార్జి షీటులో ఇద్దరు సిస్టర్లూ సంతకం పెట్టి అప్పగించుకోవాలని రాసుకున్నాను.

ఆ ఫైలు మూయబోతుంటే బిల్లు అడుగున డిస్కౌంటు కనపడింది. మొత్తం 46,300. తగ్గించింది 4,800. కారణం రాసేచోట రెండే అక్షరాలు: ఏ.ఆర్.

ఆ ఆస్పత్రిలో ఐదు వేల లోపు తగ్గింపు బిల్లింగ్ ఇన్‌చార్జి తానే ఇవ్వొచ్చు. అది దాటితే సూపరింటెండెంట్ సంతకం కావాలి. కారణం ఎప్పుడూ వివరంగా రాస్తారు, స్టాఫ్ బంధువనో, ఫలానా డాక్టరు చెప్పారనో, కట్టుకోలేనివాళ్లనో. ఈ ఏ.ఆర్. నాకు కొత్త. కంప్యూటర్లో ఆ అక్షరాలు కొట్టి చూస్తే రెండు నెలల్లో 23 బిల్లులు వచ్చాయి. అన్నీ నాలుగు వేలకి పైన, ఐదు వేలకి లోపల. అన్నీ నగదు బిల్లులే. కార్డు మీదగానీ ఫోన్‌పే మీదగానీ కట్టినవాళ్లలో ఒక్కరికీ ఈ భాగ్యం దక్కలేదు.

అడ్మినిస్ట్రేటర్ రికమెండేషన్ అనుకుని ఆయన్నే అడిగాను. "నేను రెండు నెలల్లో ఇద్దరికి చెప్పుంటానండీ. ఆ రెండూ నా సంతకంతోనే ఉంటాయి" అన్నారు.

కంప్యూటరు చెప్పేదాన్ని కంప్యూటరుతోనే సరిచూస్తే ఉపయోగం లేదు. దాని చేయి తగలని కాగితం ఒకటి కావాలి. గేటు దగ్గర సెక్యూరిటీ అతని టేబులు మీద పొడుగాటి నోటుపుస్తకం ఉంటుంది. డిశ్చార్జి అయిన మనిషి గేటు దాటినప్పుడు పాసు తీసుకుని, చేత్తో టైము రాస్తాడు. ఆ పెద్దావిడ గేటు దాటింది సాయంత్రం 4:20కి. డిస్కౌంటు ఎక్కించింది 6:55కి. డబ్బంతా కట్టి, ఆటో ఎక్కి వెళ్లిపోయిన మనిషికి రెండున్నర గంటల తర్వాత ఎవరు తగ్గించారు, ఎవరికి తగ్గించారు? 23 బిల్లులూ అంతే.

అయినా దీంతోనే నిర్ణయానికి రాకూడదు. రద్దీ రోజున ముందే ఒప్పుకున్న తగ్గింపుని సాయంత్రం ఎక్కించి ఉండొచ్చు. అందుకని ఆ రాత్రి ఇంటి దగ్గర కూర్చుని ఫైళ్లలోని నంబర్లకి ఫోన్లు చేశాను. పెద్దావిడ ఫైలులోని నంబరు స్విచ్చాఫ్. నేను మాట్లాడుతుంటే ఇస్త్రీ అతను బట్టల మూట మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు. "ఏమండీ, ఇతను రెండు నెలల్నుంచి డబ్బులు తీసుకోవట్లేదు. అడిగితే తర్వాత చూద్దాంలే అమ్మా అంటాడు" అంది మా ఆవిడ. సరేలే, ఒకేసారి ఇద్దామన్నాను.

నలుగురు దొరికారు. తమ దగ్గరున్న బిల్లు ఫొటో తీసి పంపారు. ఒక్కదాంట్లోనూ డిస్కౌంటు లేదు. పూర్తి మొత్తం, దాని మీద "చెల్లించబడింది" అనే ముద్ర. అయితే అది రసీదు కాదు. డబ్బు కట్టించుకోవడానికి ముందు తీసే తాత్కాలిక బిల్లు. దాని మీదే ముద్ర కొట్టి పంపేశారు. సాయంత్రం మనుషులు పలచబడ్డాక డిస్కౌంటు వేసి, తగ్గిన మొత్తానికి రసీదు తీసి, మిగిలింది జేబులో వేసుకున్నారు. గల్లా పెట్టెలో లెక్క పైసాతో సహా సరిపోయింది. కార్డు అయితే పూర్తి మొత్తం బ్యాంకులో కనపడుతుంది గనక వాటి జోలికి పోలేదు.

మర్నాడు సాయంత్రం షిఫ్టు బిల్లింగ్ ఇన్‌చార్జిని పిలిచి, గేటు పుస్తకమూ నలుగురి బిల్లులూ ముందు పెట్టాను. అతను ఎక్కువసేపు బుకాయించలేదు.

"ఏ.ఆర్. అంటే ఏంటి?" అన్నాను.

తల దించుకున్నాడు. "ఆడిటర్ రికమెండేషన్ సార్."

నాకు అర్థం కాలేదు.

"రెండు నెలల కింద మీరు ఫోన్ చేశారు కదా సార్. మా ఇస్త్రీ అతని తల్లి మీ వార్డులో ఉంది, కాస్త చూసి తగ్గించండి అని. మొదటిది అదే. తర్వాత... లెక్క చూసేది మీరే కాబట్టి మీ పేరుతో ఉన్నదాన్ని ఎవరూ అడగరనుకున్నాను."

ఆ ఫోన్ నేను మర్చేపోయాను. ఆవిడ పేరేమిటో అప్పుడూ అడగలేదు. ఎవరికైనా తగ్గించమని చెప్పే అధికారం ఆడిటరుకి లేదు. అది నాకు తెలిసీ చేసిన ఫోను. మిగతా 22 బిల్లుల్లో నష్టపోయింది ఆస్పత్రి. ఆ ఒక్కదాంట్లో మాత్రం, దక్కాల్సిన 4,800 పోగొట్టుకుంది రోగి.

ఇంటికి పోకుండా నేరుగా వీధి చివర బండి దగ్గరికి వెళ్లాను. అతను ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదుతున్నాడు. అమ్మ బిల్లు ఉందా అంటే, బండి కింద పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీసి భద్రంగా చేతికిచ్చాడు. 46,300. ముద్ర ఉంది.

"ఎంత కట్టావు?"

"అంతా కట్టేశాను సార్. మీరు ఫోన్ చేయబట్టి అక్కడికి దిగింది, లేకపోతే ఇంకెంతయ్యేదో" అన్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టడం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇస్త్రీ డబ్బులా? వద్దు సార్. మీ బట్టలకి డబ్బు తీసుకుంటే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు."